మొదటి గురువును విరిచి చూడండి

ఛందస్సు చెప్పే పుస్తకాలన్నీ దాదాపు ఒకే దారిన నడుస్తాయి. ముందు గురులఘువులు, తరువాత ‘యమాతారాజభానసలగం’, ఆ తరువాత ఉత్పలమాలతో మొదలుపెట్టి ఒక్కొక్క పద్యానికీ లక్షణం. అంటే పేరు ముందు, పాదం తరువాత. పదో తరగతి ప్రశ్నపత్రం దీనికి సరిగ్గా ఎదురుదారి. అక్కడ పేరు లేని ఒక పాదం ఇచ్చి, గణవిభజన చేసి, అది ఏ పద్యపాదమో చెప్పమంటారు. లక్షణాలన్నీ గడగడా అప్పజెప్పే పిల్లవాడు ఆ పాదం ముందు కలం పట్టుకుని కూర్చుండిపోవడం తెలుగు పంతుళ్లకు కొత్త సంగతి కాదు. వాడికి పేరునుంచి పాదానికి వెళ్లడం వచ్చు, పాదంనుంచి పేరుకు రావడం ఎవరూ నేర్పలేదు.

ఈ అట్టల కట్ట ఆ ఎదురుదారినే పట్టింది. ప్రతి అట్టకూ ముందువైపు పాఠంలోనిదో శతకంలోనిదో ఒక పాదం ఉంటుంది. దాని మీద ఏ గుర్తూ ఉండదు, పేరూ ఉండదు. వెనక్కి తిప్పితే గురులఘువులు, గణాలు, యతిస్థానం, పద్యం పేరు. కింద సన్నని అక్షరాలతో, ఆ పాదంలో పిల్లలు ఎక్కడ పొరబడతారో ఒక్క వాక్యం. ఈ చివరి వాక్యమే నన్ను ముందుమాటకు ఒప్పించింది. అది పుస్తకాలు చూసి రాసేది కాదు, జవాబుపత్రాలు దిద్దితే గాని తెలియదు.

కట్ట తయారుచేసిన అమ్మాయి ఒకప్పుడు నా దగ్గర చదువుకుంది, ఇప్పుడు ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతోంది. యమాతారాజభానసలగం అట్ట కట్టలో ఎక్కడో వెనక ఉండటం చూసి, “ఏమ్మా, సూత్రాన్ని వెనక్కి నెట్టేశావే?” అన్నాను. “ముందు పెడితే పిల్లలు ఏ పాదం కనబడినా మూడేసి అక్షరాలు కోసుకుంటూ పోతున్నారండీ మాస్టారూ. ఆటవెలదిని కూడా అలాగే కోస్తున్నారు” అంది. మాట సబబుగానే ఉంది. మూడేసి అక్షరాల కోత వృత్తాలకే చెల్లుతుంది. పాదం వృత్తానిదో కాదో తేలకుండా కత్తెర తీయకూడదు.

అందుకే ఈ కట్టలో మొదటి పని గణాలు కాదు, లెక్క. పాదంలో అక్షరాలు ఎన్ని? పద్యం మొత్తం ఎదుట ఉంటే ప్రాస చూసి కొంత తేల్చుకోవచ్చు. ప్రతి పాదంలో రెండో అక్షరం ఒకే హల్లైతే వృత్తమో, కందమో, ద్విపదో అయి ఉండాలి. ఆ నియమం లేకపోతే ఆటవెలది, తేటగీతి, సీసాల వైపు చూడాలి. కానీ ప్రశ్నపత్రంలో ఇచ్చేది ఒక్క పాదం, అందులో ప్రాస కనబడదు. మిగిలింది లెక్కే. తరగతిలో వచ్చే నాలుగు వృత్తాల్లో శార్దూలానికి 19 అక్షరాలు, ఉత్పలమాలకూ మత్తేభానికీ 20, చంపకమాలకు 21. ఆటవెలది, తేటగీతి, ద్విపద పాదాలు ఎంత సాగినా 17 దాటవు. సీసం పెద్దపాదం మొత్తంగా ఇస్తే 22కు తగ్గదు. చివరి గురువు తప్ప అన్నీ లఘువులతో అల్లిన కందం రెండో పాదం 19 దాకా పోవచ్చు. అయితే అది లఘువుతో మొదలవుతుంది, శార్దూలం గురువుతో మొదలవుతుంది. కాబట్టి చిక్కు లేదు. 18 వస్తే మత్తకోకిల గుర్తుకు రావాలి, దాని అట్ట ఈ కట్టలో లేదు.

ఇక్కడొక గొయ్యి ఉంది. పాదం చివర పొల్లు నకారం వచ్చినప్పుడు పిల్లలు దాన్ని కూడా ఒక అక్షరంగా లెక్కపెడతారు. ‘వారికిన్’ అంటే వా, రి, కిన్ అని మూడే అక్షరాలు. పొల్లు ముందున్న ‘కి’ని గురువు చేసి అందులోనే కలిసిపోతుంది. దాన్ని విడిగా లెక్కిస్తే 20 అక్షరాల ఉత్పలమాల 21 అయి కూర్చుంటుంది, పిల్లవాడు చంపకమాల అని రాసేస్తాడు. దీనికి ఈ అట్టల మీద ఒక తేలిక పరీక్ష ఇచ్చారు. 21 వచ్చిన పాదం గురువుతో మొదలైతే లెక్కలో ఎక్కడో పొల్లు పడిందన్నమాట. ఎందుకంటే చంపకమాల నాలుగు లఘువులతో మొదలవుతుంది.

ఇక కట్టలో నాకు బాగా నచ్చిన భాగం జంట అట్టలు. ఉత్పలమాలకు భ ర న భ భ ర వ, చంపకమాలకు న జ భ జ జ జ ర అని వేరువేరుగా వల్లె వేయించడం మన అలవాటు. ఆ పేర్లు వింటే రెండింటికీ ఏ చుట్టరికమూ లేదనిపిస్తుంది. పాఠ్యపద్యాలు అట్టల మీద ఉన్నాయి కనుక వాటిని ఇక్కడ ఎత్తి రాయను. చూపడానికి నేనే ఒక పాదం కట్టాను:

పిల్లలు కూడి వేకువను పెద్దల మాటలు విన్న వారలై

పిల్లలు భగణం, కూడివే రగణం, కువను నగణం, పెద్దల భగణం, మాటలు భగణం, విన్నవా రగణం, చివరి ‘రలై’ వగణం, అంటే లఘువు, గురువు. అక్షరాలు 20. యతి పదో అక్షరం దగ్గర, ‘పి’కి ‘పె’ చెల్లింది. ఇది ఉత్పలమాల. ఇప్పుడు మొదటి గురువును మాత్రం విరిచి, దాని చోట రెండు లఘువులు పెడదాం. మొదటి మాట మారుతుంది, మిగతా పాదం కదలదు:

పిలిచినఁ గూడి వేకువను పెద్దల మాటలు విన్న వారలై

మూడేసి అక్షరాలు కోస్తే పిలిచి, నఁగూడి, వేకువ, నుపెద్ద, లమాట, లువిన్న, వారలై. నగణం, జగణం, భగణం, మూడు జగణాలు, రగణం. అచ్చమైన చంపకమాల. ‘గూడి వేకువను’ నుంచి చివరిదాకా మాటలు అవే, నడక అదే. ముందు ఒక్క అక్షరం ఎక్కువవడంతో కత్తెర పడే చోటు ఒక అడుగు జరిగింది, అందుకే గణాల పేర్లన్నీ మారిపోయాయి. యతి కూడా అదే ‘పె’, అయితే పదోది కాస్తా పదకొండోదయింది. ఈ సంగతి తెలిసిన పిల్లవాడికి రెండు లక్షణాలు బట్టీ పట్టే పని లేదు. ఒకటి వస్తే రెండోది దానంతట అదే వస్తుంది.

శార్దూలానికీ మత్తేభానికీ ఇదే చుట్టరికం. శార్దూలం మ స జ స త త గ, మూడు గురువులతో మొదలవుతుంది. వాటిలో మొదటిదాన్ని రెండు లఘువులు చేస్తే రెండు లఘువులు, రెండు గురువులు అవుతాయి, అదే మత్తేభం మొదలు. స భ ర న మ య వ అని దాన్ని విడిగా నేర్చుకున్నవాళ్లు ఒకసారి కాగితం మీద గురులఘువులు ఒకదాని కింద ఒకటి రాసి చూసుకోవచ్చు. 13వ అక్షరం దగ్గరున్న యతి 14కు జరుగుతుంది, అంతే. 20 అక్షరాలకు ఇద్దరు హక్కుదారులున్నారన్న చిక్కు కూడా ఇక్కడే విడిపోతుంది. మొదటి అక్షరం గురువైతే ఉత్పలమాల, లఘువైతే మత్తేభం.

ఈ జంటలు ఛందోగ్రంథాల్లోనే కాదు, మన శతకాల్లోనూ కాపురం చేస్తున్నాయి. కంచెర్ల గోపన్న దాశరథీ శతకంలో ఉత్పలమాలలూ చంపకమాలలూ కలిసి ఉంటాయి. ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర శతకంలో శార్దూలాలూ మత్తేభాలూ కలిసి ఉంటాయి. ఈ జంటలను అటూ ఇటూ మార్చి చూడండి, కుదరదు. కారణం మకుటం. ప్రతి పద్యం నాలుగో పాదం చివర ఒకే మాటలు రావాలంటే ఆ చివరి భాగం గురులఘువులు అన్ని పద్యాల్లోనూ ఒకటే కావాలి. మొదటి గురువు విరిగినా విరగకపోయినా తోక మారని జంటలోనే అది సాధ్యం. ఇంకో సొగసు కూడా ఉంది. ఈ రెండు శతకాల్లోనూ మకుటం సరిగ్గా యతిస్థానం దగ్గరే మొదలవుతుంది. కనుక దాశరథీ శతకంలో నాలుగో పాదం మొదటి అక్షరం ‘దా’తో యతి కుదిరేదై ఉండాలి, ధూర్జటి శతకంలో ‘శ్రీ’తో కుదిరేదై ఉండాలి. కట్టలో ఈ శతకాల నాలుగో పాదాలు వరసగా పెట్టడం వెనక ఉద్దేశం ఇదే. పిల్లలు మకుటం ముందు ఒక గీత గీసుకుంటే యతిస్థానాన్ని కంటితో చూసినట్టే.

లెక్క సరిగ్గా వచ్చాక కూడా గణాలు తప్పాయంటే గురులఘువుల దగ్గరే పొరపాటు జరిగి ఉంటుంది. దీర్ఘాలు, సున్నలు, ఒత్తులు చాలామంది బాగానే పడతారు. తప్పేవి కొన్నే, కానీ అవే మాటిమాటికీ తప్పుతాయి. పై చంపకమాలలో ‘పిలిచినఁ’ అన్న చోట ఉన్నది అరసున్న. అది అక్షరాన్ని గురువు చేయదు. దాన్ని నిండుసున్న అనుకుంటే నాలుగో అక్షరం గురువై పాదం అక్కడే కూలుతుంది. ‘అమృతం’లో ‘మృ’ కింద ఉన్నది వట్రసుడి. అది అచ్చు, ఒత్తు కాదు, కాబట్టి ‘అ’ లఘువే. ‘అమ్రుతం’ అని రాసే అలవాటున్న పిల్లలు దాన్ని గురువు చేస్తారు. అక్కడ ఛందస్సు తప్పడానికి కారణం వర్ణక్రమం.

అన్నిటికంటే కష్టమైనది మాటకూ మాటకూ మధ్య వచ్చే ఒత్తు. పై ఉత్పలమాలలోనే ‘పెద్దల’ తీసి ‘ప్రేముడి’ పెడదాం:

పిల్లలు కూడి వేకువను ప్రేముడి మాటలు విన్న వారలై

‘ప్రే’ సంయుక్తాక్షరం. దాని ముందున్న ‘ను’ గురువా? సూత్రాన్ని పట్టుకు వేలాడే పిల్లవాడు గురువనే అంటాడు. అప్పుడు మూడో గణం నగణం కావలసింది సగణమవుతుంది, పాదం ఏ వృత్తానికీ చెందకుండా పోతుంది. నిజానికి ‘వేకువను’ ఒక తెలుగుమాట, అక్కడ ముగిసింది. ‘ప్రేముడి’ వేరే మాట. వేరువేరు మాటలైనప్పుడు తెలుగుపదం చివరి అక్షరం తరువాతి ఒత్తుకు లొంగదు, లఘువుగానే ఉంటుంది. అదే ‘వనప్రవేశము’ అని సంస్కృత సమాసం అయితే రెండూ కలిసి ఒకే పదం కింద లెక్క, అక్కడ ‘న’ గురువు. ఏది ఏదో తెలియాలంటే పాదాన్ని చదివి, మాటలు విడదీసి, అర్థం తెలుసుకోవాలి. కన్నుతో ఒత్తులు ఏరుకునే పద్ధతికి ఇక్కడ పప్పులుడకవు. అట్టల ముందువైపు ‘పైకి చదవండి’ అని అచ్చువేయమని నేను చెప్పింది ఇందుకే. చోటు చాలలేదన్నారు. రెండో ముద్రణలోనైనా అక్షరాలు కాస్త తగ్గించి ఆ రెండు మాటలకు చోటివ్వాలి.

ఉపజాతుల అట్టలకు వద్దాం. వేమన పద్యాలతో పరిచయం లేని పిల్లలుండరు గనుక ఆటవెలదులు ఎక్కువగానే ఉన్నాయి. ఇక్కడ కూడా నేను కట్టిన పాదాలే:

చుక్క పొడుచు వేళ చూడఁగ వచ్చెను
పలక చేతఁ బట్టి పాపఁ డొకఁడు

మొదటి పాదం మాత్రమే ప్రశ్నలో వచ్చిందనుకోండి. తొందరపడే పిల్లవాడు ‘చుక్కపొ’ భగణం అని గుర్తిస్తాడు, భగణంతో మొదలైంది కనుక ఉత్పలమాల అంటాడు. లెక్క పెట్టి ఉంటే 13 అక్షరాలు వచ్చేవి, ఆ ఊహ అక్కడే ఆగిపోయేది. మూడేసి కోస్తూ ముందుకు పోతే భ, స, జ, జ వచ్చి చివర ఒక లఘువు మిగులుతుంది. అలాంటి పద్యం తరగతి పుస్తకంలో లేదు.

ఈ పాదంలో సూర్యగణాలు, ఇంద్రగణాలు వెతకాలి. సూర్యగణాలు రెండే. మూడు లఘువుల నగణం, గురువు తరువాత లఘువు వచ్చే హగణం. ఇంద్రగణాలు ఆరు: నల, నగ, సల, భ, ర, త. వీటిలో అక్షరాల సంఖ్య మారుతుంది కాబట్టి ఎక్కడ కోయాలో పాదం చూడగానే తెలియదు. దానికి ఈ కట్ట చెప్పే ఉపాయం యతిని ముందు పట్టుకోవడం. ఆటవెలదిలోనూ తేటగీతిలోనూ యతి నాలుగో గణం మొదటి అక్షరం మీద ఉంటుంది. పాదం మొదటి అక్షరం ‘చు’. దానికి చెల్లే అక్షరం ముందుకు పోతూ వెతికితే, ముందు మూడు గణాలకు చోటు లేని ‘పొడుచు’లోని ‘చు’ను దాటాక ‘చూడఁగ’లో ‘చూ’ దొరుకుతుంది. అక్కడ గీత గీయండి. గీతకు ముందు మూడు గణాలుండాలి. చుక్క, పొడుచు, వేళ. హగణం, నగణం, హగణం, మూడూ సూర్యగణాలే. గీత తరువాత చూడఁగ, వచ్చెను, రెండు భగణాలు, అంటే ఇంద్రగణాలు. మూడు సూర్యులు, ఇద్దరు ఇంద్రులు: ఆటవెలది మొదటి పాదమో మూడో పాదమో అయి ఉండాలి.

అట్ట వెనక ఇంకో మెట్టు కూడా వేసి, తేటగీతి కాదని ఎలా తెలుసని అడిగారు. ఈ ప్రశ్న నాకు బాగా నచ్చింది. తేటగీతికి ఒక సూర్యుడు, ఇద్దరు ఇంద్రులు, మళ్లీ ఇద్దరు సూర్యులు కావాలి. ‘చుక్క’ సూర్యగణంగా పోతుంది. తరువాత ‘పొడుచువే’ నగము అవుతుంది, ఇంద్రగణమే. అక్కడినుంచి ‘ళచూడఁ’, అంటే లఘువు, గురువు, లఘువు. లఘువుతో మొదలై వెంటనే గురువు వచ్చే ఇంద్రగణం ఆరింటిలో ఒక్కటీ లేదు. దారి మూసుకుపోయింది, కనుక తేటగీతి కాదు. ఇలా ఒక పేరును నిరూపించడంతో పాటు పక్కపేరును కొట్టివేయడం కూడా చేయిస్తే పిల్లలకు ఊహించి రాసే అలవాటు తగ్గుతుంది. రెండో పాదంలో పలక, చేతఁ, బట్టి, పాపఁ, డొకఁడు, ఐదూ సూర్యగణాలే. ‘ప’కు ‘పా’ యతి. ‘పాపఁ డొకఁడు’ అని మాట విరిచి ముద్రించడం చూసి పిల్లలు బెదరకూడదు. మాట ముగిసే చోటూ గణం ముగిసే చోటూ ఎప్పుడూ ఒకటి కానక్కరలేదు.

కందం అట్టలు తక్కువ పెట్టారు, వాటిని కట్ట చివర ఉంచడం కూడా సరైనదే. కందంలో లెక్కించాల్సినవి అక్షరాలు కాదు, మాత్రలు. లఘువుకు ఒకటి, గురువుకు రెండు చొప్పున కూడితే మొదటి, మూడో పాదాలకు 12, రెండో, నాలుగో పాదాలకు 20 రావాలి. ఆ పాదం నాలుగేసి మాత్రలుగా ఎక్కడా గురువు మధ్యలో తెగకుండా విడిపోవాలి. 20 మాత్రల పాదంలో మూడో గణం జగణమో నలమో కావాలి, చివరి అక్షరం గురువు కావాలి. సుమతీ శతకం పద్యం ఒకటి ఇలా విడదీసిన పిల్లవాడికి మిగతా శతకమంతా అభ్యాసానికి దొరికినట్టే.

ఒక్క లోటు మాత్రం చెప్పక తప్పదు. యతిని ముందు పట్టుకోమన్న ఉపాయం ఉపజాతుల్లో ప్రాసయతి వచ్చినప్పుడు పిల్లలను దారి తప్పిస్తుంది. పై రెండో పాదాన్ని ‘పలక చేతఁ బట్టి చెలిమి తోడ’ అని మార్చాననుకోండి. ‘ప’కు చెల్లే అక్షరం కోసం వెతికితే ‘బట్టి’లో ‘బ’ దొరుకుతుంది. ప ఫ బ భలు ఒకదానికొకటి చెల్లుతాయి గనుక పిల్లవాడు సంతోషంగా అక్కడే గీత గీస్తాడు. కానీ గీతకు ముందు ‘పలక చేతఁ’ అని ఐదే అక్షరాలున్నాయి, మూడు సూర్యగణాలకు కనీసం ఆరు కావాలి. గీత తప్పని అక్కడే తేలాలి. అప్పుడు రెండో అక్షరాలు చూడాలి. ‘పలక’లో ‘ల’, ‘చెలిమి’లో ‘లి’, రెండూ లకారాలే, రెండింటికీ ముందున్న అక్షరాలు లఘువులే. ప్రాసయతి కుదిరింది, నాలుగో గణం ‘చెలిమి’ దగ్గర మొదలవుతుంది. వేమన పద్యాల్లో ఇలాంటివి కొల్లలు. ఈ కట్టలో ప్రాసయతికి ఒకే ఒక్క అట్ట ఉంది. కనీసం అరడజను ఉండాలి, అవి కూడా విడిగా ఒక చోట కాకుండా మామూలు యతి ఉన్న ఆటవెలదుల మధ్యన కలిసిపోయి ఉండాలి.